పోస్టర్ మీద ఆరు లక్షలు, పన్నెండు నెలల్లో ఎంత?

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైతే మన కాలేజీ మెయిన్ బ్లాక్ గోడకి ఖాళీ ఉండదు. ఫోటో, కింద పేరు, బ్రాంచి, దాని కింద పెద్ద అక్షరాల్లో ప్యాకేజీ. ఆ పోస్టర్ వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్తుంది. సాయంత్రానికల్లా మేనమామ ఫోన్ చేసి, "ఆరు లక్షలంటే నెలకి యాభై వేలన్నమాట, బాగుందిరా" అంటాడు. ఆయన భాగాహారంలో తప్పేమీ లేదు. పోస్టర్ చెప్పింది చెప్పినట్టు పన్నెండుతో భాగించాడంతే.

పోస్టర్ మీది అంకె మొదటి ఏడాది సంపాదన కాదు, అదొక రేటు. ప్రొబేషన్ పూర్తయి, ఉద్యోగం కన్ఫర్మ్ అయ్యాక, అదే స్థాయిలో ఒక నిండు సంవత్సరం పనిచేస్తే కంపెనీకి మనమీద అయ్యే ఖర్చు అది. మొదటి ఆరు నెలలు తక్కువ జీతం ఇచ్చే కంపెనీలో చేరినవాడికి తొలి పన్నెండు నెలల్లో ఆ మొత్తం రాదు, రాకూడదనే లెటర్లో రాసి ఉంటుంది కూడా. నా వాదనంతా ఒక్కటే: గోడ మీద ఈ రెండో అంకె కూడా వేయాలి. అది వేయనంతకాలం మనం ఆఫర్లను పోల్చుకుంటున్న పద్ధతి తప్పు.

ప్లేస్‌మెంట్ సెల్‌లో స్టూడెంట్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను కాబట్టి ఆఫర్ లెటర్లు చాలానే చూస్తుంటాను. మాకన్నా రెండు బ్యాచ్‌లు ముందు చేరిన ఒకన్న తన లెటర్, పే స్లిప్‌లు అన్నీ నాకు పంపాడు. కంపెనీ పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇలాంటి లెటర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. లెక్క సులువుగా అర్థం కావాలని చిల్లర మాత్రం సరిచేశాను.

లెటర్ మొదటి పేజీలో "వార్షిక సీటీసీ 6,00,000 రూపాయలు" అని ఉంది. జీతం విడివిడిగా రాసింది మాత్రం చివరి పేజీలో, అనెక్సర్ అనే పట్టికలో. మనవాళ్ళు చాలామంది మొదటి పేజీ ఫోటో తీసి ఇంటికి పంపి, చివరి పేజీ జాయినింగ్ రోజు దాకా తెరవరు. అసలు చదవాల్సింది ఆ పేజీయే.

ఆ పట్టిక ప్రకారం బేసిక్ నెలకి 25,000. ఇంటద్దె అలవెన్స్ 10,000. స్పెషల్ అలవెన్స్ 6,000. మొత్తం 41,000. దీన్నే గ్రాస్ అంటారు, నెలనెలా పే స్లిప్‌లో ఎడమవైపు కనిపించేది ఇదే. పన్నెండు నెలలకి 4,92,000. మరి ఆరు లక్షల్లో మిగిలిన 1,08,000 ఎక్కడికెళ్ళింది?

అందులో 60,000 వేరియబుల్ పే. ఏడాది చివర పనితీరు చూసి ఇచ్చేది, ఇస్తే. పీఎఫ్‌కి కంపెనీ వాటా నెలకి 1,800 చొప్పున 21,600. చాలా కంపెనీలు పీఎఫ్‌ని 15,000 జీతం పరిమితి మీదే లెక్కేస్తాయి, అందులో పన్నెండు శాతం 1,800. తర్వాత గ్రాట్యుటీ అని 14,430. ఏడాదికి పదిహేను రోజుల జీతం అనే లెక్కని నెలకి ఇరవై ఆరు పనిదినాల మీద వేస్తే బేసిక్‌లో 4.81 శాతం వస్తుంది, ఆ అంకె అక్కడి నుంచి వచ్చిందే. అయితే మామూలు పర్మనెంట్ ఉద్యోగి తనంతట తాను మానేస్తే ఐదేళ్ళు పూర్తి చేసి ఉంటేనే గ్రాట్యుటీ చేతికొస్తుంది. రెండేళ్ళకే కంపెనీ మారదామనుకునేవాడికి ఆ 14,430 కాగితం మీది డబ్బు. మిగిలిన 11,970 ఆరోగ్య బీమా, జీవిత బీమా ప్రీమియం. కలిపి చూడండి, ఆరు లక్షలు సరిగ్గా కుదురుతుంది. కంపెనీ అబద్ధం చెప్పలేదు. మనమే వేరే ప్రశ్నకి జవాబుని మన ప్రశ్నకి జవాబు అనుకున్నాం.

ఇదంతా కన్ఫర్మ్ అయ్యాక సంగతి. మన అసలు విషయం దానికి ముందున్న ఆరు నెలలు.

లెటర్ మూడో పేజీలో ఒక క్లాజు ఉంది. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, ఆ కాలంలో నెలకి 25,000 గ్రాస్. అన్న జులై 1న చేరాడు. అంతా సక్రమంగా జరిగితే డిసెంబరు 31తో ఆరు నెలలు పూర్తి, జనవరి 1 నుంచి 41,000. అప్పుడు మొదటి పన్నెండు నెలల లెక్క ఎక్సెల్ గడిలో ఇలా వేసుకోవచ్చు:

```
=6*25000+(12-6)*41000
```

జవాబు 3,96,000. ఇందులో ప్రతి నెలా ఉద్యోగి వాటాగా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ నెల జీతం ఇరవై వేలు దాటితే వృత్తి పన్ను 200 రూపాయలే. ఆదాయపు పన్ను భయం అక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఈ స్థాయిలో పన్ను సున్నా. అంటే ప్రొబేషన్‌లో నెలకి 23,000, ఆ తర్వాత 39,000 చేతికొస్తాయి. ఆరు నెలలకి 1,38,000, మరో ఆరు నెలలకి 2,34,000. మొత్తం 3,72,000. నెలకి సగటున 31,000.

మేనమామ లెక్కలో యాభై వేలు. బ్యాంకు ఖాతా లెక్కలో ముప్పై ఒకటి.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పీఎఫ్‌లో పడేది మన డబ్బే. అన్న వాటా, కంపెనీ వాటా కలిపి నెలకి 3,600, ఏడాదికి 43,200. అందులో కంపెనీ వాటా నుంచి నెలకి 1,250 పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగతా 2,350 పీఎఫ్ ఖాతాలో జమవుతుంది. ఇది పోయినట్టు కాదు, దాచినట్టు. కానీ హాస్టల్ ఓనర్ పీఎఫ్ పాస్‌బుక్ చూసి అద్దె తగ్గించడు కదా.

పైన 25,000 "గ్రాస్" అని రాశాను చూశారా, ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. కొన్ని లెటర్లలో ప్రొబేషన్ జీతాన్ని కూడా సీటీసీ పద్ధతిలోనే రాస్తారు. అప్పుడు అదే 25,000లో కంపెనీ పీఎఫ్ వాటా కూడా కలిసిపోయి ఉంటుంది. గ్రాస్ 23,200కి దిగుతుంది, కోతలు పోగా చేతికి 21,200. ఒక్క పదం తేడాతో నెలకి 1,800. తెలుసుకోవడం ఎలాగంటే, అనెక్సర్‌లో ప్రొబేషన్‌కి విడిగా ఒక కాలమ్ ఉందా, అందులో "ఎంప్లాయర్ కాంట్రిబ్యూషన్" అన్న వరుస మొత్తానికి పైన ఉందా కింద ఉందా చూడండి. పైనుంటే ఆ 25,000లోంచే అది పోతుంది. కాలమే లేకపోతే మెయిల్ పెట్టి అడగాలి.

ఇంతవరకూ చెప్పింది అంతా సక్రమంగా జరిగితే. అన్నకి అలా జరగలేదు.

డిసెంబరు మూడో వారంలో అన్న పనిచేస్తున్న ప్రాజెక్టు మేనేజర్ వేరే టీమ్‌కి మారిపోయాడు. ప్రొబేషన్ రివ్యూ ఫారం నింపాల్సింది ఆయనే. కొత్తగా వచ్చినాయన "నేను నీ పని చూడందే రేటింగ్ ఎలా ఇస్తాను" అన్నాడు, ఆయన మాటా నిజమే. జనవరంతా అలా గడిచిపోయింది. కన్ఫర్మేషన్ లెటర్ ఫిబ్రవరి మూడో వారంలో వచ్చింది, ఫిబ్రవరి 1 నుంచి అమలు అని. జనవరి జీతం పాత 25,000 లెక్కనే పడింది. అన్న హెచ్ఆర్‌ని అడిగితే ఆవిడ చాలా మర్యాదగా లెటర్లోని ఒక వాక్యం చూపించింది: ప్రొబేషన్ కాలం ముగిసినా, కంపెనీ రాతపూర్వకంగా ధ్రువీకరించేదాకా ఉద్యోగి ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు, సవరించిన జీతం ఆ ధ్రువీకరణలో పేర్కొన్న తేదీ నుంచి వర్తిస్తుంది.

"తప్పు నాది కాదు, మేనేజర్‌ది కాదు, హెచ్ఆర్‌ది కాదు. మరి నా పదహారు వేలు ఎవరు తీసినట్టు?" అని అన్న నన్నడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ రకం క్లాజు మన దేశంలో కొత్తది కాదు. ప్రొబేషన్ గడువు దాటాక కూడా ఉద్యోగంలో కొనసాగితే దానంతటదే కన్ఫర్మ్ అయినట్టా, కాదా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా ఎన్నోసార్లు వెళ్ళింది. కోర్టులు చెప్తూ వచ్చిన సాధారణ సూత్రం ఏమిటంటే, గడువు దాటినంత మాత్రాన కన్ఫర్మ్ అయినట్టు కాదు, నియమాల్లో ఏం రాసుకున్నారన్నదే చూడాలి. 1968లో పంజాబ్ ప్రభుత్వానికీ ధరమ్ సింగ్ అనే ఉపాధ్యాయుడికీ మధ్య నడిచిన కేసులో మాత్రం, నియమాలు ప్రొబేషన్‌కి గరిష్ఠ పరిమితి పెట్టి, అది దాటాక కూడా ఉద్యోగిని కొనసాగిస్తే కన్ఫర్మ్ అయినట్టే భావించాలి అంది కోర్టు. అవి ప్రభుత్వ సర్వీసు నియమాలు, ప్రైవేటు కంపెనీ ఆఫర్ లెటర్‌కి సూటిగా అతికించలేం. అయినా మనకి పనికొచ్చే ప్రశ్న అందులో ఉంది. మన లెటర్లో గరిష్ఠ పరిమితి అనేది ఉందా? "ఆరు నెలలు, అవసరమైతే మరో మూడు నెలలకు మించకుండా" అని ఉండటం వేరు, "కంపెనీ విచక్షణ మేరకు పొడిగించవచ్చు" అని ఉండటం వేరు. మొదటిదానికి ఒక అడుగు ఉంది. రెండోది అడుగు కనపడని బావి.

ప్రొబేషన్ ఒక్కో నెల పెరిగితే అన్నకి పోయేది 16,000, అంటే రెండు జీతాల మధ్య తేడా. అతనికి పెరిగింది ఒక నెల. కాబట్టి ఏడు నెలలు 25,000, ఐదు నెలలు 41,000, మొత్తం గ్రాస్ 3,80,000. చేతికొచ్చింది 3,56,000. పూర్తిగా మూడు నెలలూ పొడిగించి ఉంటే చేతికి 3,24,000 వచ్చేది, అంటే నెలకి సగటున 27,000. మూడూ ఒకే లెటర్‌లోంచి, ఒకే ఆరు లక్షల పోస్టర్ కింద వచ్చే అంకెలు. అందుకే ఎవరైనా "నీ మొదటి ఏడాది సంపాదనెంత" అంటే ఒక అంకె చెప్పకూడదు, రెండు చెప్పాలి. సమయానికి కన్ఫర్మ్ అయితే ఇంత, పొడిగింపు పూర్తిగా వాడుకుంటే ఇంత అని. ఇంట్లో చెప్పాల్సింది ఆ రెండోది.

వేరియబుల్ 60,000 సంగతి అడుగుతారేమో. ఆ కంపెనీలో అది ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కగట్టి జులైలో ఇస్తారు. మార్చి 31 నాటికి కన్ఫర్మ్ అయి కనీసం ఆరు నెలలు కావాలని షరతు. అన్నకి అప్పటికి రెండు నెలలే. కాబట్టి మొదటి విడత మొత్తం సున్నా. అక్టోబరు తర్వాత కన్ఫర్మ్ అయ్యేవాళ్ళెవరికీ రాదని ఆ షరతు అర్థం, అంటే మే నెలలో పరీక్షలు రాసి జూన్, జులైలో చేరే మనలాంటి బ్యాచ్ మొత్తానికి. అన్ని కంపెనీలూ ఇలా చేయవు, పనిచేసిన నెలల వంతున ఇచ్చేవీ ఉన్నాయి. కానీ రాసి ఉంటే తప్ప మొదటి ఏడాది లెక్కలో వేరియబుల్‌ని సున్నాగానే వేసుకోవడం క్షేమం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయానికొస్తాను. అన్న దగ్గర ఆ సీజన్‌లో రెండో ఆఫర్ కూడా ఉండేది. పోస్టర్ విలువ 4.7 లక్షలు. ప్రొబేషన్ అక్కడా ఉంది, కానీ జీతంలో తేడా లేదు, మొదటి రోజు నుంచే గ్రాస్ 35,000. ఆరు ముందు 4.7 ఎవడు చూస్తాడు? మన కాలేజీలో ఒక ఆఫర్ వచ్చాక రెండోదాన్ని వదిలేయాలన్న నిబంధన కూడా ఉంది కాబట్టి అదే రోజు సంతకం పెట్టి వదిలేశాడు.

ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. 35,000 చొప్పున పన్నెండు నెలలకి 4,20,000. అన్నకి వచ్చిన గ్రాస్ 3,80,000. అంతా సవ్యంగా జరిగి ఉన్నా 3,96,000. మొదటి ఏడాదిలో "చిన్న" ఆఫరే పెద్దది. రెండో ఏడాదిలో సహజంగా ఆరు లక్షల ఆఫర్ ముందుకి పోతుంది, 4,92,000 ఎక్కడ, 4,20,000 ఎక్కడ. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఏది పెద్దది అని కాదు, ఏ నెలలో ఇది దాన్ని దాటుతుంది అని.

ప్రొబేషన్‌లో నెలకి పదివేలు వెనకబడతాం. కన్ఫర్మ్ అయ్యాక నెలకి ఆరు వేలు ముందుకొస్తాం. ఆరు నెలల ప్రొబేషన్ అయితే అరవై వేల వెనకబాటు, అది తీరడానికి పది నెలలు. అంటే పదహారో నెల చివరికి రెండూ సమానం. అన్నకి ఏడు నెలలు కాబట్టి డెబ్బై వేలు, తీరడానికి దాదాపు పన్నెండు నెలలు, అంటే పంతొమ్మిదో నెల. తొమ్మిది నెలలైతే సరిగ్గా ఇరవై నాలుగో నెల. ఇంక్రిమెంట్లు రెండు చోట్లా ఒకేలా ఉంటాయనుకుని వేసిన లెక్క ఇది, అసలు జీవితంలో అటూఇటూ అవుతుంది.

అన్న సంతకం పెట్టిన సర్వీస్ అగ్రిమెంట్ పద్దెనిమిది నెలలు. ఆ అగ్రిమెంట్ ముగిసే రోజుకి ఆరు లక్షల ఉద్యోగంలో అతనికి మొత్తం వచ్చిన గ్రాస్ 6,26,000. వదిలేసిన ఉద్యోగంలో అయితే 6,30,000. తేడా నాలుగు వేలే, దాన్నేమీ పెద్దగా చూపించను. కానీ ఏడాదిన్నర తర్వాత వేరే కంపెనీకి మారదామని ముందే అనుకున్నవాడికి ఆ "లక్షా ముప్పై వేల తేడా" అనేది ఎప్పుడూ జేబులోకి రాలేదని మాత్రం చెప్తాను. ఏమాటకామాటే, మారేటప్పుడు కొత్త కంపెనీ పాత పే స్లిప్ చూసి జీతం నిర్ణయిస్తే 41,000 స్లిప్ 35,000 స్లిప్ కన్నా బలంగా ఉంటుంది. అన్న కూడా అదే అంటాడు, "నేను తీసుకున్నది తప్పు ఆఫర్ కాదు, కానీ తెలిసి తీసుకోలేదు" అని. నా గొడవంతా ఆ "తెలిసి" గురించే.

ఈ లెక్కలు అందరికీ ఒకేలా తగలవు. ఇంట్లోవాళ్ళు ఆరు నెలలు సర్దగలిగితే 23,000 పెద్ద సమస్య కాదు. కానీ మన క్లాసులో సగంమంది విద్యా రుణం మీద చదువుతున్నవాళ్ళే. ఐదు లక్షల రుణం, పది శాతం వడ్డీ, ఏడేళ్ళు అనుకుంటే నెల కిస్తీ 8,300 దాకా వస్తుంది. కిస్తీ ఎప్పుడు మొదలవుతుందన్నది రుణ పత్రంలో ఉంటుంది. కొన్నిటిలో కోర్సు అయిన ఏడాదికి, కొన్నిటిలో ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకి అని రాస్తారు. అన్నది రెండో రకం. జులైలో చేరాడు కాబట్టి కిస్తీ జనవరిలో మొదలు. జనవరి నుంచి 39,000 చేతికొస్తుందన్న లెక్కతో ఇంటికి పంపే ఐదు వేలు కూడా అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. వచ్చింది 23,000. హాస్టల్ తొమ్మిది వేలు, కిస్తీ 8,300, ఇంటికి ఐదు వేలు. మిగిలింది ఏడు వందలు, అందులో నెలంతా బస్సు, ఫోను, మధ్యాహ్నం టీ. ఆ నెల ఇంటికి పంపలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదట గానీ, నాన్న మాత్రం "యాభై వేలు ఏం చేస్తున్నావురా" అని ఒకసారి అడిగాడట. తండ్రి అనుమానించింది కొడుకుని. అనుమానించాల్సింది పోస్టర్‌ని.

ఇక ఎదురువాదనలు. మా సెల్‌లో ఇది మాట్లాడినప్పుడు ఒక ఫ్యాకల్టీ సర్ అన్నారు, "కంపెనీ ఆరు నెలలు నీకు పని నేర్పుతుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు" అని. నిజమే. శిక్షణ కాలంలో తక్కువ జీతం ఇవ్వడం అన్యాయమని నేననను. మూడు నెలలు క్లాస్‌రూంలో కూర్చోబెట్టి, మరో మూడు నెలలు సీనియర్ పక్కన కూర్చోబెడితే ఆ తేడాకి అర్థముంది. రెండో వారం నుంచే క్లయింట్ పని చేయించుకుంటూ దాన్ని శిక్షణ అనడం వేరే కథ, దాని మీద మరోసారి. నేను అడిగేది జీతం పెంచమని కాదు, ఎంతో చెప్పమని.

ఇంకో సర్ చెప్పింది మరింత నిజాయితీగా ఉంది. పక్క కాలేజీలు సీటీసీ వేస్తుంటే మనం మొదటి ఏడాది అంకె వేస్తే అడ్మిషన్లప్పుడు మనమే చిన్నగా కనిపిస్తాం అని. ఈ భయం నాకు అర్థమవుతుంది. ఎన్ఐఆర్ఎఫ్‌కి కాలేజీలు ఇచ్చే వివరాల్లో మీడియన్ జీతం అనే గడి కూడా ఉంటుంది, ఎవరికైనా పెద్ద అంకె మీదే ఆశ ఉంటుంది. కానీ సీటీసీ తీసేయమని నేననలేదే. దాన్ని అలాగే ఉంచి, కింద ఇంకో వరుస వేయమంటున్నాను. పోస్టర్‌లో ఫోటోకీ పూలకీ ఉన్న చోటు దీనికి లేకపోదు.

"మొదటి ఏడాది జీతం ఎవరు చూస్తారు, కెరీర్ చూడాలి" అనే సీనియర్ల మాట మాత్రం నాకు నచ్చదు. అది సాధారణంగా ఏడెనిమిదేళ్ళ అనుభవం తర్వాత, కిస్తీలు తీరాక అనే మాట.

సరే, మరి ఇంటర్వ్యూ చేసి ఆఫర్ ఇచ్చిన కంపెనీని ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని భయపడేవాళ్ళు చాలామంది. నేను చూసినంతలో హెచ్ఆర్‌లు దీనికి నొచ్చుకోరు, వాళ్ళకిది రోజూ వచ్చే మెయిల్. అయితే "జీతం ఎంత వస్తుంది మేడమ్" అని అడిగితే మళ్ళీ సీటీసీయే చెప్తారు. విడిగా, అంకె వచ్చేలా అడగాలి: ప్రొబేషన్‌లో నెలవారీ గ్రాస్ ఎంత, అందులో కంపెనీ పీఎఫ్ వాటా కలిసి ఉందా; ప్రొబేషన్ గరిష్ఠంగా ఎన్ని నెలలు; కన్ఫర్మేషన్ ఆలస్యమైతే పెరిగిన జీతం ఏ తేదీ నుంచి, బకాయి ఇస్తారా. మూడు ప్రశ్నలూ ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో. ఫోన్‌లో "అవన్నీ చూసుకుంటాం" అన్న మాట జనవరిలో పనికిరాదు. చేరాక కూడా ఒక పని మన చేతిలో ఉంది. ఐదో నెల మొదట్లోనే మేనేజర్‌కి "ఫలానా తేదీకి నా ప్రొబేషన్ పూర్తవుతుంది, రివ్యూ ఎప్పుడు పెడదాం" అని రాయడం. మేనేజర్ మారబోతుంటే వెళ్ళేలోపే ఆయన చేత ఫారం నింపించుకోవాలి. అన్న ఇప్పుడు తన టీమ్‌లో చేరే ప్రతి ఫ్రెషర్‌కీ క్యాలెండర్‌లో ఈ రిమైండర్ తానే పెట్టిస్తున్నాడు.

మా సెల్ విషయానికొస్తే, కంపెనీలు క్యాంపస్‌కి వచ్చే ముందు నింపే ఫారంలో ఇప్పుడు జీతం గురించి ఒకే గడి ఉంది, సీటీసీ అని. దాని పక్కన ఇంకో మూడు గడులు పెడదామని రాతపూర్వకంగా అడిగాను: ప్రొబేషన్ నెలలు, గరిష్ఠ పొడిగింపుతో సహా, ప్రొబేషన్ గ్రాస్, కన్ఫర్మ్ అయ్యాక గ్రాస్. ఈ మూడూ ఉంటే మొదటి పన్నెండు నెలల అంకె షీట్‌లో దానంతటదే వస్తుంది, ఎవరూ కూర్చుని లెక్కేయక్కర్లేదు. ఫారం మార్చడానికి అభ్యంతరం లేదన్నారు. ఆ అంకెని పోస్టర్ మీద వేయడం మాత్రం "పైన అడగాలి" అన్నారు. అప్పటిదాకా క్లబ్ తరఫున ఆ షీట్‌ని ఫైనల్ ఇయర్ గ్రూపులో పెడుతున్నాం. ఈ సీజన్‌లో లెటర్ అందుకున్నవాళ్ళు పేరు, కంపెనీ లేకుండా ఆ మూడు అంకెలు మాత్రం నింపితే చాలు.